కొత్త బ్రాంచికి పాత ర్యాంకులు సాక్ష్యం కావు

ట్యూషన్ సెంటర్ వాళ్లు రెండో ఊళ్లో బ్రాంచి తెరిచేటప్పుడు గది అద్దె మాట్లాడటం, బెంచీలు చేయించడం, బోర్డు రాయించడం నెల ముందు నుంచే మొదలుపెడతారు. ఫోన్లలో తిరగాల్సిన ప్రకటన మాత్రం ప్రారంభానికి ముందు రాత్రి, ఫ్లెక్సీ వాడు పెట్టిన డిజైను కింద గబగబా నాలుగు ముక్కలు కొట్టి వదిలేస్తారు. ఆ నాలుగు ముక్కలూ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి: ‘తల్లిదండ్రులకు శుభవార్త! పదేళ్లుగా అద్భుత ఫలితాలు సాధిస్తున్న మా సంస్థ ఇప్పుడు మీ పట్టణంలో! అనుభవజ్ఞులైన అధ్యాపకులు. ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ. వీక్ స్టూడెంట్స్‌కు ప్రత్యేక శిక్షణ. నూరు శాతం ఫలితాల హామీ. పరిమిత సీట్లు, త్వరపడండి!’ ఇందులో ఊరి పేరు, సంస్థ పేరు మార్చేస్తే రాష్ట్రంలో ఏ సెంటరుకైనా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. అయినా నా అభ్యంతరం ఇది పాతబడిన భాష అని కాదు. ఈ ప్రకటన పాత బ్రాంచి గురించి మాట్లాడుతోంది, తల్లిదండ్రులు డబ్బు కట్టబోయేది కొత్త బ్రాంచిలో. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించే మాట ఒక్కటీ ఇందులో లేదు.

ఒక ఊరిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. విజయవాడకూ గుంటూరుకూ మధ్య ఉన్న మంగళగిరిని తీసుకోండి. చేనేత చీరలకు పేరుపడ్డ ఊరు. 2021లో తాడేపల్లితో కలిపి నగరపాలక సంస్థ చేశారు. ఎయిమ్స్ వచ్చింది, పక్కనే రాజధాని ప్రాంతం ఉంది, అపార్టుమెంట్లు లేచాయి. గుంటూరులో పదేళ్లుగా నడుస్తున్న ఒక చిన్న ట్యూషన్ సెంటర్, జూన్‌లో ఇక్కడ ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు లెక్కలూ సైన్సూ చెప్పే బ్రాంచి పెట్టబోతోంది అనుకుందాం. ప్రకటన చదివే వాళ్లు రెండు రకాల ఇళ్లలో ఉన్నారు. పాత ఊళ్లో మగ్గం మీద బతికే ఇంట్లో పిల్లవాడు స్టేట్ సిలబస్ చదువుతుంటాడు. కొత్త అపార్టుమెంటులో అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో పిల్ల సీబీఎస్ఈ చదువుతుంటుంది. రెండిళ్ల ఆదాయాలు వేరు, భాష తీరు వేరు, గుంటూరు సెంటర్ల గురించి వాళ్లకున్న ఎరుక వేరు. కానీ ట్యూషన్ అనగానే ఇద్దరి నోటా వచ్చే ప్రశ్నలు ఒకటే. చెప్పేది ఎవరు? ఒక్కో బ్యాచిలో ఎంతమంది? పిల్ల ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి ఇంటికొస్తుంది? నెలకెంత? నచ్చకపోతే ఎలా? పైన రాసిన ప్రకటన ఈ అయిదింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

ముందు ర్యాంకుల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అసలు పేచీ అంతా అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి 600 మార్కులకు ఉంటుంది కాబట్టి ‘580 పైన 12 మంది’ అని పెద్దక్షరాలతో వేయడం మామూలే. ఆ 12 మంది ఎంతమందిలో 12 మంది? నలభై మందిలో అయితే అది గొప్ప పనే. మూడు వందల మందిలో అయితే మిగిలిన 288 మంది సంగతి చెప్పకుండా దాటేసినట్టు. పైగా వాళ్లు చేరేనాటికి ఎక్కడున్నారు? తొమ్మిదో తరగతిలోనే 95 శాతం తెచ్చుకుంటున్న పిల్లలను ఏరి చేర్చుకుని, పదిలో వాళ్లకు 95 శాతం వచ్చిందంటే సెంటరు చేసిందేమిటో ఆ అంకె చెప్పదు. అదే అబ్బాయి ఫోటో వాళ్ల స్కూలు ఫ్లెక్సీ మీద కూడా ఉంటుంది, వేసవిలో పదిహేను రోజులు వెళ్లొచ్చిన ఇంకో చోటి ఫ్లెక్సీ మీద కూడా ఉంటుంది. ఇవన్నీ పక్కనపెట్టి ఆ ఫలితం నిజంగా సెంటరు కష్టమే అని ఒప్పుకున్నా, ఆ పాఠం చెప్పిన లెక్కల సారు గుంటూరులోనే ఉంటారు. మంగళగిరిలో చెప్పబోయేది మరొకరు. ట్యూషన్లో ఫలితం బోర్డు మీది పేరుతో రాదు, బోర్డు ముందు నిలబడిన మనిషితో వస్తుంది. ఆ మనిషి మారినప్పుడు పాత అంకెను కొత్త గది గోడకు తగిలించడం, తెలిసి చేసినా తెలియక చేసినా, చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

చట్టం కూడా ఈ విషయంలో ఇప్పుడు గట్టిగానే మాట్లాడుతోంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. అంతకు ముందు సివిల్స్ కోచింగ్ ప్రకటనలను పరిశీలించినప్పుడు తేలిందేమిటంటే, ఫోటోలు వేసుకున్న విజేతల్లో చాలామంది ఆ సంస్థల్లో ప్రిలిమ్స్‌కో మెయిన్స్‌కో చదివినవాళ్లు కారు. ఆ రెండూ తమంతట తాము గట్టెక్కి, చివర్లో ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వెళ్లారు. ప్రకటనలు ఆ ముక్క దాచిపెట్టాయి. అందుకే ఇప్పుడు విజేత పేరు వేస్తే ర్యాంకు, చేరిన కోర్సు, ఎంతకాలం చదివారు, ఫీజు కట్టారా ఉచితమా అన్నవి కూడా చెప్పాలి. పేరూ ఫోటో వాడటానికి ఫలితాలు వచ్చిన తరవాత ఆ విద్యార్థి దగ్గర రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. చేరేనాడు అప్లికేషన్లో పెట్టించుకున్న సంతకం చెల్లదు. షరతులేవైనా ఉంటే వాటిని చీమ తలకాయంత అక్షరాలతో అడుగున వేయకూడదు, గొప్ప చెప్పుకున్న మాట ఎంత సైజులో ఉందో అవీ అంతే సైజులో ఉండాలి. లేని తొందర పుట్టించడం కూడా తప్పే. అంటే సీట్లు నిజంగా పరిమితం కానప్పుడు ‘పరిమిత సీట్లు, త్వరపడండి’ అనడం అలవాటుగా రాసే మాట కాదు, పట్టుబడే మాట. ఈ మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న సెంటర్లకు వర్తిస్తాయి. మూడు తరగతులు, రెండు సిలబస్‌లు పెట్టిన చిన్న బ్రాంచి కూడా ఒక్క ఏడాదిలో ఆ సంఖ్య దాటవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే వీలుంది.

దీనికి ముందే, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లను క్రమబద్ధం చేయడానికి రాష్ట్రాలకు ఒక నమూనా పంపింది. బ్రాంచి పెట్టేవాళ్లకు అందులో అక్కరకొచ్చే మాటలు రెండున్నాయి. ర్యాంకులకు గానీ మంచి మార్కులకు గానీ తల్లిదండ్రులకు హామీ ఇవ్వకూడదన్నది ఒకటి. ప్రతి బ్రాంచినీ వేరే సెంటరుగా లెక్కగట్టి విడిగా రిజిస్టరు చేయించాలన్నది రెండోది. అంటే పాత బ్రాంచి పేరుప్రతిష్ఠలు కొత్తదానికి వాటంతటవే సంక్రమించవని ప్రభుత్వం కాగితం కూడా చెబుతున్నట్టే. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దన్న మాట కూడా ఆ నమూనాలో ఉంది. ఎనిమిదో తరగతికి ట్యూషన్ చెప్పేవాళ్లు, ముఖ్యంగా ‘ఐఐటీ ఫౌండేషన్’ అని రాయాలని చేతులు దురద పెట్టేవాళ్లు, తమ రాష్ట్రంలో దాన్ని ఎంతవరకు అమలు చేస్తున్నారో జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో కనుక్కున్నాకే ప్రకటన బయటపెట్టడం మంచిది.

అయితే ర్యాంకులు తీసేస్తే ప్రకటనలో మిగిలేదేమిటి? కొత్త బ్రాంచికి ఇంకా ఫలితాలు లేవు, ఉండవు. కానీ దానికి ఈ రోజే ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటిని ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. మొదటిది మాస్టారు. ‘అనుభవజ్ఞులైన అధ్యాపకులు’ బదులు లెక్కలు చెప్పేదెవరో పేరు రాయండి, ఏం చదివారో, ఎన్నేళ్లుగా ఏ తరగతులకు చెబుతున్నారో రాయండి. ఆయన గుంటూరు బ్రాంచి నుంచి మారి వస్తుంటే పాత ఫలితానికీ కొత్త గదికీ ఉన్న నిజమైన వంతెన అదొక్కటే, దాన్ని తప్పకుండా వాడుకోవాలి. వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ చెబుతారా? అదీ రాయండి. ‘పేరు రాస్తే పక్క సెంటరు వాళ్లు ఎక్కువ జీతం చూపించి లాక్కుపోతారు’ అని నిర్వాహకులు జంకుతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ట్యూషన్ల వ్యాపారంలో అది రోజూ జరిగేదే. కానీ లాక్కుపోవాలనుకున్న వాడికి ప్రకటన అక్కర్లేదు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఇద్దరు పిల్లలను అడిగితే చాలు. పేరు దాచడం వల్ల ఆ పోటీదారుకు నష్టమేమీ లేదు, నష్టపోయేది తల్లిదండ్రులే. మాస్టారు మారకుండా చూసుకునే దారి జీతంలోనూ గౌరవంలోనూ ఉంటుంది తప్ప ప్రకటనలో ఉండదు.

రెండోది బ్యాచి పరిమాణం. ‘ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ’ అన్న మాటను ఎవరూ కాదనలేరు, ఎవరూ రుజువు చేయలేరు. దాన్ని అంకెలోకి దించితే వెంటనే నిజమెంతో తెలుస్తుంది. క్లాసు గంటన్నర, అంటే 90 నిమిషాలు. ఒక్కో పిల్లవాడి నోట్సు తీసుకుని, లెక్క ఎక్కడ తప్పిందో చూసి, ఒక గీత గీసి చెప్పడానికి తక్కువలో తక్కువ రెండు నిమిషాలు పడుతుంది. బ్యాచిలో 18 మంది ఉంటే దానికి 36 నిమిషాలు పోతాయి, పాఠానికి 54 మిగులుతాయి. 40 మంది ఉంటే 80 నిమిషాలు నోట్సులకే పోయి పాఠానికి మిగిలేది పది నిమిషాలు. అంటే 40 మంది బ్యాచిలో నోట్సు రోజూ దిద్దడం జరగని పని. అక్కడ ‘వ్యక్తిగత శ్రద్ధ’ అని రాస్తే అబద్ధమని ఆ గుణకారమే చెప్పేస్తుంది. అందువల్ల ‘బ్యాచికి 18 మంది, నోట్సు రోజూ దిద్దుతాం’ అని రాయండి. ఇలా రాస్తే పందొమ్మిదో విద్యార్థి వచ్చినప్పుడు వద్దనాల్సి వస్తుందే అన్న బాధ మొదలవుతుంది. అవును, వద్దనాల్సిందే, లేదా ఇంకో బ్యాచి తెరవాల్సిందే. ఆ బాధ పడటానికి సిద్ధంగా లేకపోతే 18 అని రాయకండి, 30 అని రాయండి, ‘వారానికి ఒకసారి నోట్సు దిద్దుతాం’ అనండి. 30 మందితో నిజాయితీగా నడిచే బ్యాచి మంచిదే. 18 అని చెప్పి 30 మందిని కూర్చోబెట్టినదాంతోనే గొడవ.

మూడోది వేళ, చోటు. వీటిని చాలామంది ఫోన్ చేస్తే చెప్పొచ్చులే అని వదిలేస్తారు, కానీ ఆడపిల్ల తల్లి ముందు చూసేది ఇదే. మంగళగిరిలో ‘గాలిగోపురం దగ్గర’ అని రాస్తే ఏం లాభం లేదు. పదకొండు అంతస్తుల గోపురం ఊరి నలుమూలలా కనిపిస్తుంది, సగం ఊరు దాని దగ్గరే. ఏ వీధి, ఏ బ్యాంకు పైన, ఎన్నో అంతస్తు అన్నది కావాలి. అంతకన్నా ముఖ్యం, హైవే దాటాలా అక్కర్లేదా అన్నది. విజయవాడ–గుంటూరు రోడ్డుకు ఒకవైపు ఇల్లు, ఇంకోవైపు ట్యూషన్ అయితే, సైకిలు మీద ఏడు గంటల చీకట్లో ఆ దాటడం ఎలాగన్న దిగులు ఒక్కటే చాలు ఆ ఇల్లు ఆ సెంటరును వదిలేయడానికి. దాన్ని దాచి ఫోన్లో చెబుదామనుకుంటే రెండు వైపులా టైము దండగ. వేళ కూడా అంతే. స్కూలు బస్సు దిగి, ఇంత తిని, బయల్దేరడానికి పిల్లకు గంట పడుతుంది. అయిదున్నర నుంచి ఏడు అని స్పష్టంగా ఉంటే ఆ తల్లి తన మనసులోనే లెక్క వేసుకుంటుంది. ‘సాయంత్రం బ్యాచిలు కలవు’ అంటే ఏ లెక్కా వేసుకోలేదు.

ఫీజు రాయాలా వద్దా అన్న దగ్గర వాదన గట్టిగా వస్తుంది. రాస్తే పక్కవాడు రెండు వందలు తగ్గిస్తాడు, తల్లిదండ్రులు అంకె చూసి లోపలికే రారు, లోపలికి వస్తే మాట్లాడి ఒప్పించొచ్చు కదా అంటారు నిర్వాహకులు. ఇందులో మొదటి సగం నిజమే, పక్కవాడు తగ్గించగలడు. కానీ ఫీజు ఎంతైనా ఊరికి తెలియనిది కాదు, మొదటి నెల గడిచేసరికి ప్రతి అపార్టుమెంటులోనూ తెలిసిపోతుంది. రెండో సగమే అసలు ఇబ్బంది. ఎదురుగా కూర్చోబెట్టి ఒప్పించగలమన్న నమ్మకంతో పిలిచినవాళ్లలో చాలామంది ఒప్పుకోరు, మొహమాటపడి ‘ఇంట్లో అడిగి చెబుతాం సార్’ అని వెళ్లిపోతారు, వెళ్లి వాళ్ల వాటావాళ్లతో ‘అంత అడిగారు’ అంటారు. మగ్గం నేసే ఇంట్లో నెలకు 1,500 ఎక్కువే అనిపించవచ్చు. అంకె ముందే కనిపిస్తే ఆ ఇంటి ఆయన మొహమాటం లేకుండా మానుకుంటాడు, లేదా ‘ఒక్క సబ్జెక్టుకైతే ఎంత?’ అని ధైర్యంగా అడుగుతాడు. రెండోది బేరం మొదలయ్యే మంచి పద్ధతి. ఫీజుతో పాటు మానేస్తే ఏమిటన్నది కూడా రాయాలి. విద్యాశాఖ నమూనాలో, మొత్తం ఫీజు ముందే కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలం డబ్బు పది రోజుల్లో తిరిగివ్వాలని ఉంది. ఎటూ ఇవ్వాలనే ఉన్నప్పుడు దాన్ని ముందుగా చెప్పి పేరు తెచ్చుకోకపోవడం ఎందుకు?

ఇక విద్యార్థి. ప్రకటన చదివి ఫీజు కట్టేది పెద్దవాళ్లే అయినా, సాయంత్రం మెట్లెక్కి వచ్చి కూర్చునేది పద్నాలుగేళ్ల పిల్లవాడు. వాడికి ‘వీక్ స్టూడెంట్స్‌కు ప్రత్యేక శిక్షణ’ అన్న మాట కనిపిస్తే, ఆ బ్యాచిలో చేరడమంటే ఊరంతా తనను మొద్దు అనుకోవడమేనని వాడికి తెలుసు. అదే క్లాసులో చదివే స్నేహితుడు కూడా అదే పోస్టు చూసి ఉంటాడు మరి. పాఠంలో వెనకబడ్డ పిల్లవాడిని పిలవాలంటే వాడికి ముద్ర వేయకుండా వాడికి దొరికేదేమిటో చెప్పాలి. ‘రోజూ చివరి ఇరవై నిమిషాలు డౌట్లకే, ఆరో తరగతి భిన్నాలు అడిగినా ఎవరూ నవ్వరు’ అంటే ఎవరికోసమో వాడికి అర్థమవుతుంది, పక్కవాడికి అనుమానం రాదు. ఈ ఒక్క వాక్యానికి ఇంత చోటు ఇవ్వడానికి కారణం, ట్యూషన్ మానేసే పిల్లల్లో చాలామంది పాఠం అర్థం కాక మానేయరు, అడగడానికి సిగ్గుపడి మానేస్తారు. ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ మాట రాస్తే మాస్టారికి ముందే చెప్పి ఉంచాలి. ప్రకటనలో ‘ఎవరూ నవ్వరు’ అని రాసి, క్లాసులో ఆయనే వెక్కిరిస్తే ఆ వాక్యం వారంలో ఊరంతా ఎదురు తిరుగుతుంది.

ఇవన్నీ కలిపితే మంగళగిరి ప్రకటన దాదాపు ఇలా వస్తుంది. పేర్లు, అంకెలు, వీధి ఊహించినవే, ఎవరివి వాళ్లు పెట్టుకోవాలి. ‘మంగళగిరిలో 8, 9, 10 తరగతుల లెక్కలు, సైన్స్ ట్యూషన్, జూన్ 15 నుంచి. సాయంత్రం 5:30 – 7:00, సోమవారం నుంచి శుక్రవారం. స్టేట్ సిలబస్‌కు, సీబీఎస్ఈకి వేరువేరు బ్యాచిలు. బ్యాచికి 18 మందే, నోట్సు రోజూ దిద్దుతాం. లెక్కలు చెప్పేది ఫలానా గారు, ఎమ్మెస్సీ, బీఈడీ. మా గుంటూరు సెంటర్లో ఆరేళ్లు పదో తరగతికి చెప్పి ఇప్పుడు ఇక్కడికి వస్తున్నారు. సైన్స్ చెప్పేది ఫలానా మేడం, ఈ ఏడాదే కొత్తగా చేరారు. రోజూ చివరి ఇరవై నిమిషాలు డౌట్లకే. ఆరో తరగతి భిన్నాలు అడిగినా ఎవరూ నవ్వరు. నెలకు రెండు సబ్జెక్టులకు 1,500, ఒక్కదానికి 900. మొదటి మూడు రోజులు ఊరికే వచ్చి కూర్చోవచ్చు, అమ్మా నాన్నలు కూడా వెనక బెంచీలో కూర్చుని చూడొచ్చు. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు పది రోజుల్లో ఇచ్చేస్తాం. ఫలానా వీధి, ఫలానా బ్యాంకు పైన మొదటి అంతస్తు. పాత ఊరి నుంచి వచ్చేవాళ్లు హైవే దాటక్కర్లేదు.’ దీని కింద ఫోన్ నంబరు. ఇందులో సైన్స్ మేడం కొత్తగా చేరారన్న మాట చూసి చాలామంది ఉలిక్కిపడతారు. బలహీనతను మనమే ఎందుకు చాటుకోవాలంటారు. కానీ లెక్కల సారు ఆరేళ్ల అనుభవాన్ని తల్లిదండ్రులు నమ్మేది ఆ పక్క వాక్యం చూసే. అంతా గొప్పే అన్నవాడి మాటలో ఏది నిజమో తేల్చుకోలేం.

ఈ వరస యాదృచ్ఛికంగా పెట్టింది కాదు. ఫోన్లో పొడుగాటి పోస్టు వస్తే మొదటి కొన్ని లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ మొదటి లైన్లలో ‘శుభవార్త’, ‘మీ ఆదరణకు కృతజ్ఞతలు’ వంటివి పెడితే అవే కనిపించి అసలు సంగతి మడతలో పడిపోతుంది. ఊరు, తరగతులు, సబ్జెక్టులు, తేదీ, వేళ మొదటి రెండు వాక్యాల్లో ఉంటే తనకు సంబంధించిన పోస్టేనా కాదా అన్నది నొక్కకుండానే తేలిపోతుంది. ఆరో తరగతి పిల్ల ఉన్నావిడ అక్కడే ఆగిపోతుంది, ఆగాల్సిందే కూడా. ఇంకొకటి, ఈ మాటలన్నిటినీ బొమ్మలోనే పోసి బొమ్మను మాత్రమే పంపే అలవాటు మానుకోవాలి. అపార్టుమెంటు గ్రూపు నుంచి గ్రూపుకు పోతుంటే ఆ బొమ్మ మసకబారుతుంది, చిన్న ఫోన్లో చదవడానికి పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకోవాలి, అందులోని నంబరు నొక్కితే కాల్ పోదు. బొమ్మలో గది ఫోటో ఉండాలి, మాటలు విడిగా టైపు చేసి ఉండాలి. గది ఫోటో అంటే ఇంటర్నెట్‌లో దొరికే నవ్వుతున్న విదేశీ పిల్లల ఫోటో కాదు, ఆ బెంచీలు, ఆ బోర్డు, ఆ కిటికీ.

ఇంత చెప్పినా ఒక వాదన మిగిలే ఉంటుంది: ఊళ్లో మిగతావాళ్లంతా ర్యాంకులు వేస్తుంటే మనం వేయకపోతే మనకు రాలేదనుకుంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు, తల్లిదండ్రులు అంకెలు అడుగుతారు, అడగడం వాళ్ల హక్కు. అడిగినదానికి జవాబివ్వాలి కానీ సగం అంకె కాదు, మొత్తం అంకె ఇవ్వాలి. గుంటూరు సెంటర్లో గత మార్చిలో 64 మంది పది రాశారనుకుందాం. వాళ్లలో లెక్కల్లో 80 పైన వచ్చినవాళ్లు 41 మంది, 60కి తగ్గినవాళ్లు 7 మంది అనుకుందాం. ‘గుంటూరులో మా దగ్గర ఏడాదంతా చదివి పది రాసిన 64 మందిలో 41 మందికి లెక్కల్లో 80 పైన, ఏడుగురికి 60 లోపు, వాళ్లకు చెప్పిన సారే ఇక్కడ చెబుతారు’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పేర్లు లేవు, ఫోటోలు లేవు, ఒప్పుదల పేచీ లేదు, అన్నిటికన్నా అది మంగళగిరి గదికి నిజంగా వర్తిస్తుంది. ఆ ఏడుగురి మాట రాయడం ఇష్టం లేకపోతే 41 మంది మాట కూడా రాయకపోవడమే న్యాయం. సారు గుంటూరులోనే ఉండిపోతుంటే మాత్రం ఆ వాక్యం మొత్తాన్నీ వదిలేయాలి, దాని బదులు ఉచిత మూడు రోజుల మాటను ఇంకాస్త ముందుకు తేవాలి. ఫలితం చూపించలేని సెంటరు పాఠాన్నే చూపించాలి. పాఠం చూపించడానికి ఒప్పుకోని మాస్టారు ఉంటే, అది ప్రకటన రాసేవాడి సమస్య కాదు.

ప్రకటన పని చేసిందా లేదా అన్నది వచ్చిన లైకుల్లో తెలియదు. వచ్చిన ఫోన్లలో తెలుస్తుంది. ఫోన్ ఎత్తే మనిషి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, మొదటి వారంలో చేసిన ప్రతివాళ్లూ మొట్టమొదట ఏం అడిగారో ఒక్క ముక్కలో రాయమనాలి. ఎక్కువమంది ‘ఎక్కడండీ?’ అని అడుగుతుంటే చోటు గురించిన వాక్యం సరిగా లేదన్నమాట. ‘సీబీఎస్ఈకి కూడా చెబుతారా?’ అంటుంటే ఆ మాట మడతలో పడిపోయింది, పైకి తేవాలి. ‘ఫీజు తగ్గిస్తారా?’ అంటుంటే ప్రకటన చక్కగా పని చేస్తున్నట్టే, చదివి, లెక్కేసుకుని, రావడానికి సిద్ధపడ్డాకే అడిగే ప్రశ్న అది. ‘హాస్టల్ ఉందా?’ అని అడిగితే మీరు ఏమిటో వాళ్లకు అర్థం కాలేదు. వారం తరవాత ఆ పుస్తకం చూసి పోస్టును మార్చుకోవడానికి పావుగంట చాలు.

మార్చాల్సిన సందర్భాలు ఆ తరవాత కూడా వస్తాయి. తొమ్మిదో తరగతి స్టేట్ బ్యాచి నిండిపోతే అదే పోస్టులో ‘నిండింది’ అని రాయాలి. అప్పుడు పరిమిత సీట్లన్న మాటకు ఎవరూ వంక పెట్టలేరు. ఆగస్టులో లెక్కల సారు మానేస్తే, ఆయన పేరు పోస్టులో అలాగే ఉంచి కొత్తవాళ్లను చేర్చుకోవడం కుదరదు. ఆ రోజే పేరు మార్చాలి. అంతకన్నా ముందు, ఆ పేరు చూసి చేరిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, రాబోయే మాస్టారెవరో, ఉండాలనుకోని వాళ్లకు ఎంత డబ్బు తిరిగి వస్తుందో చెప్పాలి.